కత్తెర మోసే పసరు

రెండేళ్ల క్రితం ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఉదయం మా బాల్కనీలోని ఆర్కిడ్లకు ఎండిపోయిన పూలకాడలు కత్తిరించాను. కత్తెర ఒకటే, కుండీలు 11. ఒక్కో కుండీ అయ్యాక కత్తెర మీద కరోనా రోజుల్లో కొన్న శానిటైజర్ కొట్టి, గుడ్డతో తుడిచి, పక్క కుండీకి వెళ్లాను. ఏ జబ్బూ అంటకుండా చూసుకుంటున్నాననే ధైర్యంతోనే చేశాను ఆ పని.

మరుసటి ఏడాది ఊదారంగు కాట్లియా ఆర్కిడ్ పూలలో రంగు విరిగిపోయినట్టు చారలు పడ్డాయి. ఆకు ముక్క నూరి పరీక్ష పట్టీతో చూస్తే ఒడొంటోగ్లోసమ్ రింగ్‌స్పాట్ వైరస్ ఉందని తేలింది. ఆ ఆదివారం ఏ కుండీ తర్వాత ఏది కత్తిరించానో పుస్తకంలో రాసుకున్నాను కాబట్టి, కాట్లియా తర్వాతి ఐదు కుండీలనూ పరీక్షించాను. మూడింటిలో అదే వైరస్. అవి కొన్నప్పుడే జబ్బుతో వచ్చి ఉండవచ్చు కూడా. ముందు పరీక్ష చేయలేదు కాబట్టి కత్తెరదే తప్పని నిరూపించలేను. కానీ నా అనుమానం మాత్రం ఆ శానిటైజర్ మీదే.

ఎందుకంటే కరోనా వైరస్‌కి పైన కొవ్వు పొర ఉంటుంది. ఆల్కహాల్ ఆ పొరను కరిగించేస్తుంది, దాంతో వైరస్ పని అయిపోతుంది. నా ఆర్కిడ్లలో దొరికిన వైరస్ పొగాకు మొజాయిక్ వైరస్‌కి దగ్గరి చుట్టం. ఈ కుటుంబానికి కొవ్వు పొర ఉండదు. పొగాకు వైరస్‌నే తీసుకుంటే, మధ్యలో ఒక ఆర్.ఎన్.ఏ. పోగు, దాని చుట్టూ దాదాపు 2,130 ప్రోటీన్ ముక్కలు మెట్ల వరుసలా బిగుసుకుని ఒక గట్టి కడ్డీలా ఉంటుంది. ఒక్క క్షణం ఆల్కహాల్ తగిలితే ఆ కడ్డీకి ఏమీ కాదు. ఎండిన ఆకులో ఏళ్ల తరబడి బతికే రకం అది. పసరులో ఉన్నప్పుడు దాన్ని చంపాలంటే 90 డిగ్రీలకు పైన పది నిమిషాలు ఉడికించాలి. అందుకే లైటర్ మంట మీద కత్తెరను అలా ఒకసారి తిప్పడం కూడా చాలదు. ఎర్రగా కాలిస్తే వైరస్ చస్తుంది గానీ ఉక్కు పదును పోతుంది.

మొక్క కణానికి గట్టి గోడ ఉంటుంది. ఈ వైరస్ దాన్ని తనంతట తాను దాటలేదు, ఎక్కడో గాయం కావాలి. ఇక జబ్బును మోసేది పసరే. 1892లో రష్యాలో ఇవనోవ్‌స్కీ అనే శాస్త్రవేత్త జబ్బు పడిన పొగాకు ఆకుల పసరును బాక్టీరియాను ఆపేసే పింగాణీ వడపోతలోంచి పంపినా, ఆ పసరు జబ్బును అంటిస్తూనే ఉందని చూపించాడు. మన కత్తెర ఒకే దెబ్బలో రెండు పనులూ చేస్తుంది: ఒక మొక్క పసరును పూసుకుంటుంది, తర్వాతి మొక్కకు గాయం చేసి అందులోనే తుడుస్తుంది. ఆర్కిడ్లలో ఈ వైరస్ ప్రధానంగా వ్యాపించే దారి ఇదే: కత్తెర, చేతులు, కడగకుండా మళ్లీ వాడిన కుండీలు.

మరి ఏది పనిచేస్తుంది? ఇళ్లలో దొరికేవాటిలో నమ్మదగింది సోడియం హైపోక్లోరైట్, అంటే బట్టలకు వాడే ద్రవం బ్లీచ్. ఒక వంతు బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్లు అని విదేశీ పుస్తకాల్లో చదివి ఇక్కడ అలాగే కలిపేస్తుంటారు. ఆ లెక్క అక్కడి 6 శాతం బ్లీచ్‌కి. మన దగ్గర చాలా సీసాల మీద 4 శాతం చుట్టుపక్కల ఉంటుంది, సీసా పాతబడేకొద్దీ అది ఇంకా తగ్గుతుంది. అందుకే నేను 100 మిల్లీలీటర్ల బ్లీచ్‌కి 500 మిల్లీలీటర్ల నీళ్లు కలుపుతాను. అప్పుడు 0.6 శాతానికి కాస్త పైన ఉంటుంది. ఏ రోజుది ఆ రోజే కలిపి, మిగిలింది పారబోస్తాను. ఇందులో వెనిగర్ గానీ, ఆమ్లం ఉన్న బాత్రూమ్ క్లీనర్ గానీ కలిపితే విషవాయువు వస్తుంది, కాబట్టి వాటి జోలికి పోకూడదు.

ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. పసరు అంటుకున్న కత్తెరను నేరుగా బ్లీచ్‌లో ముంచితే, క్లోరిన్ ముందు ఆ పసరు మీదే ఖర్చైపోతుంది. ఎండిన పసరు పొర కింద ఉన్న వైరస్ క్షేమంగా ఉంటుంది. ముందు సబ్బు నీళ్లతో, పాత టూత్ బ్రష్‌తో రుద్ది కడగాలి. తర్వాత బ్లీచ్‌లో పూర్తిగా ఒక నిమిషం ఉంచాలి. కుండీ కుండీకీ ఒక నిమిషం ఆగడం విసుగు కాబట్టి నేను రెండు కత్తెరలు పెట్టుకున్నాను. ఒకటి నానుతుంటే రెండోదానితో కత్తిరిస్తాను. బ్లీచ్ ఉక్కును తినేస్తుంది, తిన్నచోట సన్నటి గుంటలు పడి పసరు మళ్లీ అక్కడే దాక్కుంటుంది. కాబట్టి బయటికి తీయగానే మంచినీళ్లలో కడిగి తుడవాలి, పనంతా అయ్యాక ఒక చుక్క నూనె వేయాలి.

సన్నటి కాడలకైతే కత్తెర కూడా మానేశాను. గడ్డం గీసుకునే బ్లేడును కాగితంతో సహా సగానికి విరిచి, ఒక కుండీకి ఒక ముక్క చొప్పున వాడి పారేస్తున్నాను. దీనికన్నా నమ్మకమైన పద్ధతి నాకు తెలియదు.

పాల సంగతి కూడా చెప్పాలి. పొగాకు, టమాటా నారు ముట్టుకునే కూలీలు చేతులు పాలలో ముంచుకోవడం పాత అలవాటు. అది వట్టి నమ్మకం కాదు. 100 మిల్లీలీటర్ల నీళ్లలో 20 గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలిపి కత్తెర ముంచితే, పాల ప్రోటీన్లు ఈ కుటుంబపు వైరస్‌ను అంటించకుండా అడ్డుకుంటాయి. కానీ చంపవు. కత్తెర జిగురు పట్టి, తర్వాత ఎలాగూ కడగాల్సే వస్తుంది. చేతులకు పాలు సరే, కత్తెరకు బ్లీచే మంచిదని నా అభిప్రాయం.

ఇంతకీ ఆల్కహాల్‌ను పారేయక్కర్లేదు. కుళ్లు తెగులు బాక్టీరియాకి 70 శాతం ఆల్కహాల్ బాగానే పనిచేస్తుంది, తడి ఆరేదాకా ఓపిక పడితే చాలు. అక్కడ పద్ధతి కూడా వేరు. వైరస్ మొక్కంతా పాకి ఉంటుంది కాబట్టి ఒకే కుండీలో కోతకీ కోతకీ మధ్య శుభ్రం చేసి లాభం లేదు, కుండీ మారేటప్పుడు చేస్తే చాలు. కుళ్లు అలా కాదు, ఒక చోట మొదలై ముందుకు నడుస్తుంది. గోధుమరంగు దాటి రెండు మూడు సెంటీమీటర్లు కిందికి, పచ్చటి భాగంలో కోయాలి. కోసిన చోట ఇంకా గోధుమరంగు చుక్క కనిపిస్తే కత్తెర శుభ్రం చేసి మరికాస్త కిందికి కోయాలి. అదే కత్తెరతో కోస్తూ పోతే కుళ్లును మనమే కిందికి దింపినట్టు.

ఏ మొక్కకు వైరస్ ఉందో చూపుతో తేల్చడం కష్టం. చారలు, గుండ్రటి మచ్చలు కనిపించే మొక్కలు కొన్నే, ఏ గుర్తూ లేకుండా ఏళ్లు బతికేవి చాలా ఉంటాయి. వైరస్ కొత్తగా సోకిన ఆర్కిడ్‌లో అది మెల్లగా పాకుతుంది కాబట్టి, మొదటి పరీక్షలో లేదని వచ్చినా కొన్ని నెలల తర్వాత కొత్త ఆకుతో మళ్లీ చూడాలి. ఆ ఐదింటిలో బాగున్నాయన్న రెండింటినీ ఆరు నెలలకు మళ్లీ పరీక్షించాను. ఒకటి నిలిచింది, ఒకటి పట్టీ మీద రెండో గీత చూపించింది. ఈ వైరస్‌కి మందు లేదు. కాట్లియాతో కలిపి మొత్తం ఐదు మొక్కలనూ సంచిలో కట్టి చెత్తబండికి ఇచ్చేశాను.

నిలిచిన ఆ ఒక్కటీ ఇప్పటికీ వేరే గోడ దగ్గర, విడి బ్లేడుతో ఉంటోంది. ఎప్పుడు కత్తిరించాల్సి వచ్చినా దాని వంతు అందరికన్నా చివర.