సముద్రంలో రెండు వేల ఏళ్లు: రోమన్ కాంక్రీట్‌పై అపోహలు – వాస్తవాలు

ఓడరేవుల్లో జెట్టీల కాంక్రీట్‌ని పరీక్షించడం నా పని. ఉప్పునీటి దెబ్బకి పెచ్చులూడి, లోపలి ఇనుప చువ్వలు బయటపడ్డ స్తంభాలు తరచూ చూస్తుంటాను. అందుకే ఇటలీ తీరంలో రెండు వేల ఏళ్లుగా అలల దెబ్బలు తింటున్న రోమన్ కాంక్రీట్ దిమ్మెల సంగతి నాకు ఎప్పుడూ ఆసక్తే. వాటి గురించి జనం నమ్మేవాటిలో సగం నిజం, సగం పొరపాటు.

అపోహ: అదొక రహస్య ఫార్ములా. రోమన్లతోనే పోయింది.

పోలేదు. క్రీస్తు పూర్వం ఒకటో శతాబ్దంలోనే విట్రూవియస్ అనే రోమన్ ఇంజినీరు దాన్ని రాసిపెట్టాడు. సముద్రంలో కట్టేటప్పుడు ఒక పాలు సున్నానికి రెండు పాళ్లు నేపుల్స్ అఖాతం దగ్గర దొరికే అగ్నిపర్వత బూడిద కలపమన్నాడు. కట్టే పద్ధతి కూడా చెప్పాడు. ముందు సముద్రం అడుగున చెక్క గుంజలు దిగ్గొట్టి పెట్టెలా బిగించాలి. లోపలి నీళ్లు తోడనక్కర్లేదు. ఆ నీళ్లలోకే సున్నం, బూడిద కలిపిన గారనీ, రాతి ముక్కలనీ దించుతూ నింపాలి. 2004లో పరిశోధకులు ఇటలీలోని బ్రిండిసి దగ్గర ఇదే పద్ధతిలో ఒక దిమ్మె కట్టి చూశారు. నీళ్ల కిందే గట్టిపడింది.

అపోహ: బూడిద ఏదైనా ఒకటే. ఉప్పునీళ్లు మాత్రం ఏ కాంక్రీట్‌కైనా చేటే.

అసలు విషయం ఇక్కడే ఉంది కాబట్టి దీన్ని కాస్త నిదానంగా చెప్తాను.

సున్నపురాయిని కాల్చి, నీళ్లు పోస్తే తడి సున్నం వస్తుంది. ఉత్త సున్నపు గార గట్టిపడాలంటే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకోవాలి. నీళ్ల కింద ఆ గాలి అందదు కనుక అక్కడ ఉత్త సున్నం మెత్తగానే ఉండిపోతుంది. అగ్నిపర్వత బూడిద కలిస్తే కథ మారుతుంది. పేరుకి బూడిదే గానీ, పొయ్యిలో మిగిలే బూడిదకీ దీనికీ పోలిక లేదు. కరిగిన రాయి గాలిలోకి చిమ్మి ఒక్కసారిగా చల్లారితే స్ఫటికాలు కట్టే సమయం ఉండదు, అది గాజుగా మిగులుతుంది. ఆ గాజులో సిలికా, అల్యూమినా నిండా ఉంటాయి. ఇసుకలోనూ సిలికా ఉంది, కానీ అది గట్టి స్ఫటికం కనుక సున్నాన్ని దాదాపు పట్టించుకోదు. గాజు రూపంలో ఉన్న సిలికా అలా కాదు, తడి సున్నంతో కలిసి గాలితో పని లేకుండానే జిగురులాంటి బంధకంగా మారుతుంది. రాళ్లన్నిటినీ పట్టి ఉంచేది ఆ బంధకమే.

ఇంత వరకూ మొదటి దశ. గట్టిపడిన దిమ్మెలోకి సముద్రపు నీళ్లు సన్నటి రంధ్రాల గుండా మెల్లగా ఇంకుతాయి. అవి లోపల మిగిలిన అగ్నిపర్వత గాజుని కొద్దికొద్దిగా కరిగిస్తాయి. అలా కరిగినది ఆ రంధ్రాల్లోనే ఫిలిప్సైట్, అల్యూమినియం ఉన్న టోబర్మొరైట్ అనే కొత్త ఖనిజాలుగా పేరుకుంటుంది. దిమ్మెల్లో డ్రిల్ చేసి తీసిన కోర్‌లని మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే, ప్యూమిస్ అనే బోలు అగ్నిపర్వత రాళ్ల రంధ్రాల్లో ఈ స్ఫటికాలు కనిపిస్తాయి. భూవిజ్ఞాని మేరీ జాక్సన్ బృందం 2017లో ప్రచురించిన పరిశోధనలో ఈ ప్రక్రియంతా వివరంగా ఉంది. ఈ బూడిద సముద్రపు నీళ్లు తగిలి రాయవుతుందనీ, రోజురోజుకీ గట్టిపడుతుందనీ రోమన్ రచయిత ప్లినీ ఒకటో శతాబ్దంలోనే రాశాడు. కంటితో చూసిందే రాసినా, ఆయన గమనిక సరైనదే.

అన్ని బూడిదలూ ఒకటి కావని రోమన్లకి బాగా తెలుసు. ఇప్పటి ఇజ్రాయెల్ తీరంలోని సిజేరియాలో హెరోడ్ రాజు క్రీ.పూ. 22 ప్రాంతంలో పెద్ద రేవు కట్టడం మొదలుపెట్టాడు. అక్కడి దిమ్మెల్లో వాడిన బూడిద నేపుల్స్ అఖాతం నుంచి వచ్చిందని కోర్‌లలోని ఖనిజాలు చెప్తున్నాయి. అంటే సుమారు 2,000 కిలోమీటర్లు ఓడల్లో మోసి తెచ్చారు. అయినా ఆ రేవు నిలవలేదు. కింది నేల కుంగి, ఇవాళ దిమ్మెలు నీటి అడుగున ఉన్నాయి. రేవు పోయినా కాంక్రీట్ మిగిలింది. ఈ రెండిటినీ విడిగా చూడాలి, ఎందుకంటే ఎంత మంచి గారయినా పునాది తప్పుని కాయలేదు.

మన దగ్గర థర్మల్ కేంద్రాల ఫ్లైయాష్ కలిపిన పీపీసీ సిమెంట్‌లోనూ జరిగేది మొదటి దశ రసాయనమే. ఏ బూడిద పనికొస్తుందో రంగు చూసి చెప్పలేం. సున్నంతో కలిపి చిన్న క్యూబులు పోసి, 50 డిగ్రీల వేడిలో తేమగా ఉంచి, పదో రోజున నొక్కి చూస్తాం. ఫ్లైయాష్ అయితే కనీసం 4.5 మెగాపాస్కల్స్ బలం రావాలి. రాకపోతే అందులో పనికొచ్చే గాజు తక్కువనో, రేణువులు ముతకవనో అర్థం.

అపోహ: రోమన్ కాంక్రీట్ మన కాంక్రీట్ కంటే బలమైనది.

కాదు. రేవు దిమ్మెల కోర్‌లు నొక్కితే సాధారణంగా 10 మెగాపాస్కల్స్ లోపే విరిగాయి. మన జెట్టీకి ఎం40 రకం కాంక్రీట్ వాడితే అది 40 మెగాపాస్కల్స్ మోయాలి. బలంలో మనదే పైచేయి, మన్నికలో వాళ్లది. దానికి ఒక పెద్ద కారణం వాళ్ల దిమ్మెల్లో ఇనుము లేకపోవడం. మన స్తంభాల్లో ఉప్పు చువ్వదాకా చేరితే తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక లోపలి నుంచే కాంక్రీట్‌ని చీలుస్తుంది. అలాగని ఇనుము మానేయలేం. పొడవాటి దూలం, సన్నటి స్లాబ్ వంగే బరువు మోయాలంటే ఇనుము కావాల్సిందే. రోమన్లు బరువంతా నొక్కుడుగానే పడేలా లావుగా కట్టుకున్నారు.

సున్నపు తెల్లటి ముక్కల వల్ల పగుళ్లు తమంతట తామే పూడుకుంటాయని 2023లో వచ్చిన పరిశోధన చాలామంది నాకు పంపారు. మంచి పరిశోధనే. కానీ ఆ నమూనా ప్రివెర్నమ్ అనే ఊరి గోడది, రేవుది కాదు. అది బూడిద పాత్రని కొట్టేయదు, దానికి ఇంకొకటి జోడిస్తుంది.

అపోహ: రోమ్‌లోని పాంథియన్ ఆలయపు గుమ్మటం నిలబడింది బూడిద వల్లే. అందులో ఒక్క పగులూ లేదు.

క్రీ.శ. 125 ప్రాంతంలో పూర్తయిన ఈ గుమ్మటం వెడల్పు 43 మీటర్లకి పైనే. ఒక్క చువ్వ లేదు. అక్కడ సముద్రం లేదు కనుక పైన చెప్పిన రెండో దశ కూడా లేదు. రోమ్ నగరపు కట్టడాల గారలో బూడిద ఇంకో రకంగా సాయపడింది. ట్రాజన్ మార్కెట్లు అనే పాత కట్టడాల గారని పరీక్షిస్తే పలకల్లాంటి స్ట్రాట్లింగైట్ స్ఫటికాలు కనిపించాయి. సన్నటి పగుళ్లు సాగకుండా అవి అడ్డుపడతాయి.

గుమ్మటాన్ని నిలబెట్టిన దాంట్లో ఎక్కువ భాగం మాత్రం ఆకారానిదీ, బరువు తగ్గించిన తీరుదీ. అడుగున దాదాపు 6 మీటర్ల మందం, పైన కన్నులా తెరిచి ఉన్న గుండ్రటి రంధ్రం దగ్గర 1.2 మీటర్లు. కింద ఇటుక, బరువు రాళ్లు వేసి, పైకి వెళ్లేకొద్దీ టఫ్ అనే తేలికైన అగ్నిపర్వత రాయి, బోలు ప్యూమిస్ రాళ్లు కలిపారు. అంటే అగ్నిపర్వతం ఇక్కడ గారకే కాదు, కంకరకీ పనికొచ్చింది.

ఇక పగుళ్లు ఉన్నాయి, కింది భాగంలో నిలువునా. గుమ్మటం అడుగు బయటికి తెరుచుకోవాలని చూస్తుంది, ఇనుము లేని కాంక్రీట్ ఆ లాగుడుని తట్టుకోలేక చీలింది. చీలిన తర్వాత అది పక్కపక్కన నిలబడ్డ కమానుల్లా పనిచేస్తోంది. పైన కన్ను చుట్టూ ఉన్న వలయంలో అవన్నీ ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి, కింద మందపాటి గోడ, బయట మెట్లలా పేర్చిన వలయాల బరువు వాటిని పక్కలకి జారనివ్వవు.