కాంట్రాక్ట్ నోట్ అడుగున రెండు వరుసలు: ఎస్‌టీటీ, స్టాంప్ డ్యూటీ వెనుక చరిత్ర

తెలంగాణకు చెందిన ఒక మదుపుదారు ఎన్ఎస్ఈలో ఒక కంపెనీ షేర్లు 200, ఒక్కొక్కటి ₹500 చొప్పున కొని డెలివరీ తీసుకున్నాడనుకుందాం. షేర్ల విలువ సరిగ్గా ₹1,00,000. బ్రోకరు 24 గంటల్లోగా పంపవలసిన కాంట్రాక్ట్ నోట్‌లో మాత్రం ఆయన కట్టవలసిన మొత్తం ₹1,00,413.62 అని ఉంటుంది. అందులో ₹100 ఎస్‌టీటీ, అంటే షేర్ల లావాదేవీ పన్ను. ₹15 స్టాంప్ డ్యూటీ. కొన్నాళ్లకు అవే షేర్లను ₹525 చొప్పున అమ్మితే ఆ రోజు నోట్‌లో ఎస్‌టీటీ ₹105 మళ్లీ కనబడుతుంది గానీ స్టాంప్ డ్యూటీ వరుసలో సున్నా ఉంటుంది. ఒక పన్ను కొన్నప్పుడూ అమ్మినప్పుడూ పడటం, మరొకటి కొన్నవారి మీదే పడటం బ్రోకరు ఇష్టానుసారం జరిగినది కాదు. రెండు వేర్వేరు చట్టాల చరిత్ర ఈ తేడాకు కారణం.

ముందుగా ఎస్‌టీటీ సంగతి. 2004 జూలై 8న నాటి ఆర్థిక మంత్రి చిదంబరం బడ్జెట్‌లో ఈ పన్నును ప్రకటించినప్పుడు ఆయన ప్రతిపాదన 0.15 శాతం, అదీ కొనుగోలుదారు మీద మాత్రమే. బదులుగా ఆయన ఇచ్చినది చిన్నదేమీ కాదు: ఎక్స్ఛేంజీలో పన్ను కట్టి అమ్మిన షేర్లపై దీర్ఘకాలిక మూలధన లాభానికి పూర్తి మినహాయింపు, స్వల్పకాలిక లాభంపై 10 శాతం పన్ను. లాభం ఎంతో లెక్కగట్టి వసూలు చేయడం కష్టం కనుక లావాదేవీ జరిగిన చోటే కొద్ది కొద్దిగా తీసుకోవడం ప్రభుత్వానికి సులువన్నది ఈ మార్పు వెనుక ఆలోచన. బ్రోకర్లు, రోజువారీ వ్యాపారులు గట్టిగా అభ్యంతరం చెప్పడంతో ఆ నెలలోనే మంత్రి ప్రతిపాదనను సవరించారు. 0.15 శాతాన్ని రెండుగా చీల్చి కొన్నవారికి 0.075, అమ్మినవారికి 0.075 శాతం చేశారు. డెలివరీ లేకుండా అదే రోజు ముగించే లావాదేవీలకు అమ్మకం వైపు మాత్రమే 0.015 శాతం పెట్టారు. 2004 అక్టోబర్ 1న పన్ను అమల్లోకి వచ్చింది. డెలివరీకి ఇరువైపులా, ఇంట్రాడేకు అమ్మకం వైపు అనే అమరిక నేటికీ నోట్‌లో అలాగే నిలిచి ఉంది.

రేటు మాత్రం నిలవలేదు. డెలివరీపై 2005లో ఒక్కో వైపు 0.1 శాతానికీ, 2006లో 0.125 శాతానికీ పెరిగి, 2012 జూలై 1 నుంచి తిరిగి 0.1 శాతానికి దిగింది. పై ఉదాహరణలో లక్ష మీద పడిన ₹100 ఆ రేటే. ఇంట్రాడే అమ్మకంపై ప్రస్తుత రేటు 0.025 శాతం. అసలు ఒప్పందంలోని రెండో సగం మాత్రం 2018 బడ్జెట్‌తో పోయింది. ఏడాదికి లక్ష రూపాయలు దాటిన దీర్ఘకాలిక లాభంపై 10 శాతం పన్ను తిరిగి వచ్చింది. 2024 జూలై 23 నుంచి అది 12.5 శాతమైంది, మినహాయింపు పరిమితి ₹1.25 లక్షలకు పెరిగింది, స్వల్పకాలిక లాభంపై రేటు 20 శాతానికి చేరింది. మినహాయింపుకు మూల్యంగా పుట్టిన ఎస్‌టీటీ, ఆ మినహాయింపు పోయాక కూడా నోట్‌లో తన వరుసలో చెక్కుచెదరకుండా ఉండిపోయింది. ఈ విషయంలో మదుపుదారుల ఫిర్యాదు న్యాయమైనదేనని ఈ రచయిత అభిప్రాయం.

స్టాంప్ డ్యూటీ చరిత్ర ఇంతకంటే చాలా పాతది. 1899 నాటి భారత స్టాంపు చట్టం, బ్రోకరు తన ఖాతాదారుకు ‘మీ తరఫున కొన్నాను, అమ్మాను’ అని తెలియజేస్తూ పంపే పత్రాన్ని కూడా స్టాంపు అతికించవలసిన పత్రాల జాబితాలో చేర్చింది. ఆ పత్రమే కాంట్రాక్ట్ నోట్. అంటే ఇక్కడ సుంకం పడినది షేరు చేతులు మారినందుకు కాదు, నోట్ రాసినందుకు. కొన్నవారికీ అమ్మినవారికీ చెరో నోట్ వెళ్తుంది కనుక సుంకం కూడా ఇద్దరి మీదా పడేది. ఆ నోట్‌పై రేటు నిర్ణయించే అధికారం రాష్ట్రాలది కావడంతో ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రేటు ఉండేది. కాగితపు షేర్లను బదిలీ చేసేటప్పుడు బదిలీ పత్రంపై వేరే స్టాంపులు అతికించేవారు. 2004 నాటికి ఆ రేటు ₹100కు 25 పైసలు. 1996 డిపాజిటరీల చట్టం వచ్చాక డీమ్యాట్ రూపంలో జరిగే బదిలీకి ఆ సుంకం తప్పింది గానీ, నోట్ మీది సుంకం తప్పలేదు. ఒకే ఎక్స్ఛేంజీలో, ఒకే క్షణంలో, ఒకే ధరకు జరిగిన రెండు కొనుగోళ్లపై వేర్వేరు రాష్ట్రాల రేట్లు పడటం, ఏ రాష్ట్రానికి చెల్లించాలన్న తగాదా తలెత్తడం ఆ కాలంలో బ్రోకర్లకు అలవాటైన చిక్కులు.

ఈ చిక్కును విప్పడానికి 2019 ఆర్థిక చట్టం ద్వారా స్టాంపు చట్టాన్ని సవరించారు. కొత్త విధానం మొదట 2020 జనవరి 9న, తరువాత ఏప్రిల్ 1న మొదలు కావలసి ఉండగా, చివరకు 2020 జూలై 1న అమలైంది. ఇప్పుడు దేశమంతటా ఒకే రేటు: డెలివరీపై 0.015 శాతం, ఇంట్రాడేపై 0.003 శాతం. కట్టవలసినది కొనుగోలుదారు ఒక్కరే. వసూలు చేసేది ఎక్స్ఛేంజీ లేదా దాని క్లియరింగ్ సంస్థ. వచ్చిన సొమ్ము కొనుగోలుదారు నివాసం ఉన్న రాష్ట్రానికి చేరుతుంది. మన ఉదాహరణలోని ₹15 తెలంగాణ ఖజానాకు వెళ్తుంది. బ్రోకరు కార్యాలయం ఏ రాష్ట్రంలో ఉన్నా ఇందులో మార్పు రాదు కనుక బ్రోకరు దగ్గర ఉన్న చిరునామా సరైనదిగా ఉండటం ఈ లెక్కకు అవసరం.

మిగిలిన వరుసల కథ క్లుప్తమైనది. ఎక్స్ఛేంజీ లావాదేవీ చార్జీ గతంలో శ్లాబుల పద్ధతిలో ఉండేది. ఎక్కువ వ్యాపారం తెచ్చిన బ్రోకరుకు ఎక్స్ఛేంజీ తక్కువ రేటు వేసేది, ఖాతాదారు దగ్గర మాత్రం ఎక్కువ రేటు వసూలయ్యేది, తేడా బ్రోకరుకు మిగిలేది. ఖాతాదారు నుంచి ఎంత తీసుకుంటే ఎక్స్ఛేంజీకి అంతే చేరాలని సెబీ 2024 జూలై 1న సర్క్యులర్ ఇచ్చింది, ఆ అక్టోబర్ 1 నుంచి ఎన్ఎస్ఈ నగదు విభాగంలో ఒక్కో వైపు లక్షకు ₹2.97 చొప్పున ఒకే రేటు పెట్టింది. సెబీ టర్నోవర్ ఫీజు కోటికి ₹10, అంటే లక్షకు 10 పైసలు. కొన్ని నోట్లలో మదుపుదారుల రక్షణ నిధికి వెళ్లే పైసలు విడిగా కనిపిస్తాయి. ఈ ఉదాహరణలో దాన్ని వదిలేశాం.

జీఎస్‌టీ దగ్గరే లెక్క తప్పే అవకాశం ఎక్కువ. స్టాక్ బ్రోకరు సేవపై పన్ను 1994 జూలై 1న 5 శాతం సేవా పన్నుగా మొదలై, 2017 జూలై 1 నుంచి 18 శాతం జీఎస్‌టీగా మారింది. ఇది సేవల మీద పన్ను. కాబట్టి బ్రోకరేజీ, ఎక్స్ఛేంజీ చార్జీ, సెబీ ఫీజుల మొత్తం మీదే పడుతుంది. ఎస్‌టీటీ, స్టాంప్ డ్యూటీలు ప్రభుత్వానికి కట్టే పన్నులే కనుక వాటిపై మళ్లీ జీఎస్‌టీ ఉండదు. మన బ్రోకరు 0.25 శాతం తీసుకుంటాడని అనుకుంటే బ్రోకరేజీ ₹250. దానికి 2.97, 0.10 కలిపితే ₹253.07, అందులో 18 శాతం ₹45.55. ఈ వరుసలో ₹66 చుట్టుపక్కల అంకె కనబడితే పన్ను మీద పన్ను వేశారని అర్థం, వెంటనే బ్రోకరును అడగవచ్చు. మన బ్రోకరు వేరే రాష్ట్రంలో నమోదై ఉన్నాడనుకుంటే ఐజీఎస్‌టీ పేరుతో ఒకే వరుస ఉంటుంది. తెలంగాణలోనే నమోదై ఉంటే సగం కేంద్రానికి, సగం రాష్ట్రానికి రెండు వరుసలు వస్తాయి, విడివిడిగా సవరించడం వల్ల ఒక పైసా తేడా రావచ్చు. 250, 2.97, 0.10, 45.55, 100, 15 కలిపితే ₹413.62. నోట్ సరిపోయింది.

కొన్ని నోట్లలో బ్రోకరేజీకి అడుగున వేరే వరుస ఉండదు. నోట్ పైభాగంలోని పట్టికలో ఆర్డర్ నంబరు, ట్రేడ్ నంబరు, సమయం, సంఖ్య తరువాత స్థూల రేటు ₹500, షేరుకు బ్రోకరేజీ ₹1.25, నికర రేటు ₹501.25 అని వరుసగా ఉంటాయి. అలాంటప్పుడు నికర రేటుతో లెక్క మొదలుపెట్టి మళ్లీ ₹250 కలిపితే బ్రోకరేజీ రెండుసార్లు పడినట్లు కనిపిస్తుంది. ఎస్‌టీటీని కూడా ప్రతి ట్రేడుకూ విడిగా లెక్కించి కూడితే నోట్‌లోని అంకెతో కలవకపోవచ్చు. ఆ రోజు ఒకే షేరులో జరిగిన ట్రేడుల సగటు ధర ఆధారంగా పన్ను లెక్కించి, సమీప రూపాయికి సవరిస్తారు.

డెలివరీ, ఇంట్రాడే అనే విభజన మదుపుదారు మనసులోని ఉద్దేశాన్ని బట్టి కాక, రోజు చివర మిగిలిన సంఖ్యను బట్టి జరుగుతుందన్నది కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. 200 షేర్లు కొని అదే రోజు, అదే ఎక్స్ఛేంజీలో 80 అమ్మేస్తే, మిగిలిన 120 షేర్ల కొనుగోలు విలువపై 0.1 శాతం, 80 షేర్ల అమ్మకం విలువపై 0.025 శాతం ఎస్‌టీటీ పడుతుంది. రెండు వేళలా ధర ₹500 అయితే అది 60, 10 కలిపి ₹70.

ఇక అమ్మకం నోట్. 200 షేర్ల విలువ ₹1,05,000. బ్రోకరేజీ ₹262.50, ఎక్స్ఛేంజీ చార్జీ ₹3.12, సెబీ ఫీజు 11 పైసలు, జీఎస్‌టీ ₹47.83, ఎస్‌టీటీ ₹105. మొత్తం ₹418.56 పోగా చేతికి రావలసినది ₹1,04,581.44. రెండు నోట్ల మధ్య తేడా ₹4,167.82. అయితే ఆదాయపు పన్ను రిటర్నులో మూలధన లాభంగా చూపవలసినది ఈ అంకె కాదు. బ్రోకరేజీ, ఎక్స్ఛేంజీ చార్జీ, జీఎస్‌టీ, స్టాంప్ డ్యూటీ వంటివాటిని ఖర్చుగా తీసివేయవచ్చు గానీ, మూలధన లాభం లెక్కలో ఎస్‌టీటీని తీసివేయడాన్ని చట్టం అనుమతించదు. కాబట్టి రెండు వైపులా కట్టిన ₹205 తిరిగి కలిపి ₹4,372.82 చూపాలి. షేర్ల వ్యాపారాన్ని వృత్తిగా చూపేవారికి 2008 వరకు ఎస్‌టీటీ మేరకు పన్నులో రిబేటు ఉండేది. ఆ తరువాత అది వ్యాపార ఖర్చుగా మాత్రమే చెల్లుతోంది.

అమ్మకం తరువాత లెడ్జర్‌లో జమ అయిన సొమ్ము ₹1,04,581.44 కంటే కొద్దిగా తక్కువగా ఉంటే నోట్ తప్పని అనుకోనవసరం లేదు. డీమ్యాట్ ఖాతా నుంచి షేర్లు బయటకు వెళ్లినందుకు డిపాజిటరీ పార్టిసిపెంటు వేసే డీపీ చార్జీ, దానిపై జీఎస్‌టీ ట్రేడుకు సంబంధించినవి కావు కనుక కాంట్రాక్ట్ నోట్‌లో కాక నేరుగా లెడ్జర్‌లోనే పడతాయి.