బ్యాంకులో లక్ష పడినా 45,000 బకాయి ఎలా ఉంటుంది?

హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్‌లో 40 ఫ్లాట్లున్నాయి. మెయింటెనెన్స్ ఫ్లాటుకు 2,500 రూపాయలు, అంటే నెలకు లక్ష రావాలి. ట్రెజరర్‌గా నేను ప్రతి నెలాఖరుకి వసూళ్ల లెక్క రాసి అందరికీ పంపుతాను. ఈసారి మే నెల ఉత్తరం చూసి చాలామంది ఒకే ప్రశ్న అడిగారు.

అపోహ: మే నెలలో బ్యాంకులో సరిగ్గా లక్ష జమైంది కాబట్టి అందరూ కట్టేసినట్టే.

వాస్తవం: జమైనదంతా మే నెల డబ్బు కాదు. మే మెయింటెనెన్స్ కట్టింది 32 ఫ్లాట్లే, అది 80,000. ఒకరు నాలుగు నెలల పాత బాకీ 10,000 తీర్చారు. ఇంకొకరు ఊరికి వెళ్తూ రాబోయే మూడు నెలలకు 7,500 ముందే కట్టారు. మిగిలిన 2,500 యూపీఐలో వచ్చింది కానీ ఎవరు పంపారో తెలియలేదు. అన్నీ కలిపితే లక్ష అయింది, అంతే.

ఇక బకాయి చూద్దాం. ఏప్రిల్ చివరికి పాత బాకీలు 35,000. అందులో 10,000 వచ్చింది కాబట్టి 25,000 మిగిలింది. మేలో కట్టని ఎనిమిది ఫ్లాట్లవి 20,000. మొత్తం 45,000. ముందే కట్టిన 7,500ని ఇందులోంచి తీసేయకూడదు. అది జూన్, జులై, ఆగస్టు లెక్కల్లోకి పోవాలి. ఇప్పుడే వాడేస్తే ఆ నెలల్లో తక్కువ పడుతుంది.

అపోహ: బాకీ ఉన్నవాళ్లు కట్టేస్తే లోటు తీరిపోతుంది.

వాస్తవం: బకాయి వేరు, లోటు వేరు. మేలో నీళ్ల ట్యాంకర్లు ఎక్కువ తెప్పించాం. వాచ్‌మన్ జీతం, కామన్ కరెంటు బిల్లు, లిఫ్ట్ సర్వీసు కూడా కలిపితే ఖర్చు 1,12,000 అయింది. నలభై ఫ్లాట్లూ ఆ నెల డబ్బు కట్టినా 12,000 తక్కువే. బకాయి అయితే ఆ ఇంటివాళ్లను అడగాలి. ఈ 12,000కి మాత్రం ఎవరినీ తప్పుపట్టలేం, దాన్ని ఎలా సర్దాలో మీటింగ్‌లో అందరూ కూర్చుని తేల్చుకోవాలి. ఈ రెండిటినీ కలిపి ఒకే అంకె రాస్తే కట్టనివాళ్ల మీదే మొత్తం నింద పడుతుంది. అందుకే ఉత్తరంలో రెండు వేర్వేరు వరసల్లో రాస్తాను. కార్పస్ ఫండ్ నుంచి తీసి సర్దితే లోటు కనపడదు కానీ, అది పెయింటింగ్, లిఫ్ట్ మార్పిడి లాంటి పెద్ద పనుల కోసం దాచిన డబ్బు. తప్పనిసరై తీసినా, తిరిగి వేయాల్సిన అప్పుగానే చూపించాలి.

అపోహ: కట్టనివాళ్ల ఫ్లాట్ నంబర్లు వెంటనే బోర్డు మీద పెట్టేయాలి.

వాస్తవం: ఆ ఎవరివో తెలియని 2,500 సంగతి తేలకుండా నేను పెట్టను. యూపీఐలో వేరే ఊళ్లో ఉన్న కొడుకు పేరో, అద్దెకున్నవాళ్ల పేరో పడుతుంది, ఫ్లాట్ నంబర్ ఉండదు. ఆ ఎనిమిది ఇళ్లకీ ఫోన్ చేసి తేదీ, యూటీఆర్ నంబర్ అడిగాను. మూడో అంతస్తు పెద్దావిడ, "మా అబ్బాయి 4వ తేదీనే వేశాడు బాబూ" అన్నారు. నంబర్ సరిపోయింది. బకాయి 42,500కి దిగింది, కట్టాల్సిన ఇళ్లు ఏడయ్యాయి. సవరించిన ఉత్తరం ఆ సాయంత్రమే అందరికీ పంపాను.