బీము కింద నాలుగు వేళ్ల సందు

ఆదిలాబాద్ వైపు నల్లరేగడిలో కట్టిన ఒక ఇంటి గోడ పగిలిందంటే చూడ్డానికి వెళ్లాను. సెప్టెంబరు నెల, వానలు బాగా పడ్డ ఏడాది. ఒకే అంతస్తు, మూడు గదులు, కట్టి నాలుగేళ్లయింది. ముందు గది గోడలో, కిటికీ పైనుంచి స్లాబు దాకా నిలువునా ఒక పగులు. కింద సన్నగా మొదలై పైకి పోయేకొద్దీ వెడల్పవుతోంది. ఇంటి యజమాని రిటైరైన ఉపాధ్యాయుడు, పద్ధతి తెలిసిన మనిషి. పగులుకు అటూ ఇటూ పెన్సిలుతో గీతలు పెట్టి, ప్రతి నెలా వాటి మధ్య దూరం కొలిచి, పక్కనే తేదీ రాసుకున్నారు. "మే నెలలో పోస్టుకార్డు కూడా దూరేది కాదండీ. ఇప్పుడు రూపాయి బిళ్ల దూరుతోంది" అన్నారు.

ఆయన రాసుకున్న తేదీలే సగం రోగాన్ని చెప్పేశాయి. పునాది కింద నేల బరువు మోయలేక దిగబడితే పగులు మొదట్లో పెరుగుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది, చివరికి ఆగిపోతుంది. అంతేగానీ ఎండాకాలం మూసుకుని వానాకాలం తెరుచుకోదు. కాలాన్ని బట్టి ఊపిరి పీల్చి వదిలినట్టు కదిలే పగులు కనిపిస్తే, కింద నేల ఉబ్బి కుంగుతోందని అర్థం.

రేగడి ఎందుకు ఉబ్బుతుంది? వేసవిలో రేగడి చేలో నడిచినవాళ్లకు నెర్రెలు తెలుసు. చెయ్యి దూరేంత వెడల్పు, మీటరుకు మించిన లోతు. తొలకరి పడితే ఆ నెర్రెలన్నీ పూడిపోతాయి. పైనుంచి మట్టి వచ్చి పడటం వల్ల కాదు, మట్టే లావెక్కడం వల్ల. దక్కను పీఠభూమిలోని నల్లరేగడి చాలామటుకు, సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పారిన లావా గడ్డకట్టి ఏర్పడ్డ బసాల్టు రాయి శిథిలమై పుట్టింది. ఆ క్రమంలో తయారైన ఖనిజం మాంట్‌మొరిల్లొనైట్. దీని నిర్మాణం పుస్తకంలో పేజీల్లా ఉంటుంది. ఒక్కో పేజీ మందం ఒక నానోమీటరు, అంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు. ఒక్క గ్రాము శుద్ధమైన మాంట్‌మొరిల్లొనైట్‌లోని పేజీలన్నీ విడదీసి పరిస్తే వాటి ఉపరితలం దాదాపు 800 చదరపు మీటర్లు. ఇరవై సెంట్ల స్థలమంత!

పేజీలు పలచగా ఉంటే సరిపోదు, వాటి మధ్యకి నీళ్లు వెళ్లాలి. ఇక్కడే ఈ ఖనిజం మిగతా బంకమట్టి ఖనిజాలకు వేరవుతుంది. ప్రతి పేజీ నడుమ ఉండే అల్యూమినియం పరమాణువుల్లో కొన్నిచోట్ల మెగ్నీషియం చేరి ఉంటుంది. అల్యూమినియానికి మూడు ధనావేశాలు, మెగ్నీషియానికి రెండే. అందువల్ల పేజీ మొత్తానికి కొంత రుణావేశం మిగిలిపోతుంది. దాన్ని సరిచేయడానికి సోడియం, కాల్షియం అయాన్లు పేజీల సందుల్లో వచ్చి కూర్చుంటాయి. ఈ అయాన్లకు నీటిమీద ఆకర్షణ ఎక్కువ. తడి తగలగానే నీటి అణువులు వరుసలు వరుసలుగా సందులోకి చేరి పేజీలను ఎడంగా నెడతాయి. పొడిగా ఉన్నప్పుడు ఒక నానోమీటరుకు కాస్త తక్కువగా ఉన్న అమరిక, మూడు వరుసల నీళ్లు చేరేసరికి దాదాపు రెట్టింపవుతుంది. సోడియం ఎక్కువుంటే ఇంకా ఉబ్బుతుంది. అదే పింగాణీ చేసే తెల్లమట్టిలోని కయొలినైట్‌లో పేజీలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. వాటి మధ్యకి నీరు చొరబడదు కాబట్టి అది అంతగా ఉబ్బదు.

ఈ తేడాను కళ్లతో చూడ్డానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఐఎస్ 2720 ప్రమాణంలోని 40వ భాగంలో చెప్పిన పరీక్ష నాకు చాలా ఇష్టం. మట్టిని ఓవెన్‌లో ఎండబెట్టి, 425 మైక్రాన్ల జల్లెడతో జల్లించి, పదేసి గ్రాములు రెండు గాజు కొలజాడీల్లో పోస్తారు. ఒకదాంట్లో డిస్టిల్డ్ వాటరు, రెండోదాంట్లో కిరోసిన్ నింపి, కలియబెట్టి గాలిబుడగలు పోగొట్టి, ఒక రోజంతా కదపకుండా వదిలేస్తారు. కిరోసిన్ ఆ పేజీల మధ్యకి వెళ్లలేదు, అందుకే అందులో మట్టి ఉబ్బకుండా అడుగున కూర్చుంటుంది. మర్నాడు చూస్తే కిరోసిన్ జాడీలో మట్టి 10 మిల్లీలీటర్ల గీత దగ్గర, నీళ్ల జాడీలో 22 గీత దగ్గర ఉందనుకోండి. పెరిగింది 12, అసలు 10, అంటే ఉబ్బు సూచిక 120 శాతం. 50 లోపైతే పెద్ద భయం లేదు. 100 దాటితే మామూలు పునాదితో ఇల్లు కట్టకూడదు. స్థలం కొన్నవాళ్లు బోరు కోసం పెట్టే ఖర్చులో చిన్న వంతుతో ఈ పరీక్ష చేయించుకోవచ్చు, కానీ చేయించేవాళ్లు అరుదు.

"గట్టిగా, బరువుగా కడితే అదే అణిగి ఉంటుంది కదా" అని చాలామంది అంటారు. లెక్క వేసి చూద్దాం. ఒక అంతస్తు ఇంట్లో తొమ్మిదంగుళాల ఇటుక గోడ, దానిపైకి వచ్చే స్లాబు వాటా, కింద పునాది కట్టడం అన్నీ కలిపితే మీటరు పొడవుకు సుమారు మూడున్నర టన్నులు. దాన్ని 90 సెంటీమీటర్ల వెడల్పు పునాది మీద నిలబెడితే చదరపు మీటరుకు నాలుగు టన్నులు మాత్రమే నేలమీద పడుతుంది. బాగా ఉబ్బే రేగడి ఎండి ఉన్నప్పుడు తడిస్తే, కదలకుండా పట్టి ఉంచడానికి చదరపు మీటరుకు పది టన్నులకు మించి కావాలి. ఇల్లు ఓడిపోతుంది. పది అంతస్తుల భవనాల కంటే చిన్న ఇళ్లు, ప్రహరీ గోడలు, అరుగులు ముందుగా పగిలేది ఇందుకే. పోనీ పునాది వెడల్పు తగ్గించి ఒత్తిడి పెంచుదామంటే, అదే మట్టి తడిశాక మెత్తబడి మోసే శక్తి కోల్పోతుంది.

ఇల్లంతా ఒకేలా లేచి ఒకేలా దిగితే గోడకు ఏమీ కాదు. చిక్కంతా తేడాతోనే. బయటి గోడల కింద మట్టి వానకు తడుస్తుంది, ఎండకు ఆరుతుంది. ఇంటి నడిమి నేల మీద ఎండ పడదు, అక్కడి తేమ ఆవిరి కాక ఏళ్ల తరబడి పేరుకుంటుంది. ఒకవైపు సెప్టిక్ ట్యాంకు ఊటగా కారుతుంటుంది, ఇంకోవైపు రావిచెట్టు నీళ్లు లాగేస్తుంటుంది. ఇటుక గోడ వంగలేదు, చీలడమే దానికి తెలుసు.

నేలను గెలవలేమని తేలాక, ఇంజనీర్లు దానికి దారి వదలడం నేర్చుకున్నారు. రేగడి మందం మీటరు, మీటరున్నరే ఉండి కింద మొరం తగిలితే పని తేలిక. తవ్వి మొరం మీదనే పునాది నిలబెట్టాలి. రేగడి లోతుగా ఉన్నచోట రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ 1950ల నుంచి అభివృద్ధి చేసిన అండర్‌రీమ్డ్ పైల్, అంటే నేలలోకి దించే, అడుగున ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు స్తంభం, మన దేశంలో బాగా నిలబడ్డ పద్ధతి. మన రేగళ్లలో వానకీ ఎండకీ తేమ మారే పొర సాధారణంగా మూడున్నర మీటర్ల దాకా ఉంటుంది. దాని కిందికి, తేమ మారని మట్టిలోకి పైలును దించాలి. ఆగరుతో 30 సెంటీమీటర్ల వ్యాసం రంధ్రం వేసి, అడుగున మడత రెక్కలున్న పరికరాన్ని దించి తిప్పుతారు. రెక్కలు విచ్చుకుని మట్టిని చెక్కుతూ 75 సెంటీమీటర్ల వ్యాసంతో ఒక గుండు ఆకారపు గుల్ల చేస్తాయి. తర్వాత ఇనుప చట్రం దించి కాంక్రీటు పోస్తే, ఉల్లిగడ్డలాంటి అడుగుతో ఒక స్తంభం తయారవుతుంది.

ఆ గుండు రెండు పనులు చేస్తుంది. ఇంటి బరువును కింది మట్టిపై పరుస్తుంది. ఇక రెండోది మరీ ముఖ్యం: పై పొర ఉబ్బేటప్పుడు పైలు ఒంటిని పట్టుకుని పైకి లాగుతుంది, గుండు ఆ లాగుడును అడ్డుకుని పైలును కింద పట్టి ఉంచుతుంది. లాగుడు ఉంటుంది కాబట్టి ఇనుము పైనుంచి అడుగు దాకా ఉండాలి. పైభాగంలోనే చువ్వలు వేసి మిగిలింది వదిలేస్తే పైలు మధ్యలో తెగుతుంది. గుండు నిజంగా ఏర్పడిందో లేదో పైనుంచి కనిపించదు. అందుకని నేను బయటికొచ్చే మట్టిని చూస్తాను. పై కొలతలకు గుండు కోసం అదనంగా చెక్కే మట్టి సుమారు 70 లీటర్లు, వదులయ్యాక ఇంకా ఎక్కువ. నాలుగు తిప్పులు తిప్పి ఒక తట్టెడు తీసి "అయిపోయింది" అంటే అవ్వలేదన్నమాటే. కాంక్రీటు కూడా అంతే అదనంగా పట్టాలి.

పైళ్ల తలల మీద గోడల వెంబడి బీము వస్తుంది. అసలు కిటుకు ఈ బీము కింద ఉంది. ఐఎస్ 2911 ప్రమాణం ప్రకారం ఇలాంటి నేలల్లో బీము అడుగుకూ మట్టికీ మధ్య కనీసం 80 మిల్లీమీటర్లు ఖాళీ వదలాలి. నాలుగు వేళ్లు పక్కపక్కన పెట్టినంత. మట్టి ఉబ్బినప్పుడు ఆ ఖాళీలోకి లేస్తుంది, బీమును తాకదు. పక్కల నుంచి మట్టి జారి పడకుండా అటూ ఇటూ ఒక వరస ఇటుకో, బండో అడ్డం పెడతారు.

ఉపాధ్యాయుడి ఇంట్లో పైళ్లు సరిగ్గానే వేశారు. కట్టేటప్పటి ఫొటోలు దాచారు, ఇనుము నిండా ఉంది. నేను బీము పక్కన ఒక చిన్న గొయ్యి తవ్వించాను. సందు లేదు. రేగడి మట్టి, ఇటుక ముక్కలు కలిపి గట్టిగా దిమ్మిసా కొట్టి ఉన్నాయి. "బీము గాల్లో ఉంటే ఇల్లు ఎలా నిలుస్తుందని మేస్త్రీ నింపేశాడు, నాకూ సబబే అనిపించింది" అన్నారాయన. ఇద్దరినీ తప్పుపట్టలేను. డ్రాయింగులో ఆ ఖాళీ ఎందుకో ఎవరూ రాయలేదు.

పైళ్ల మధ్య దూరం రెండు మీటర్లు, బీము వెడల్పు 23 సెంటీమీటర్లు. అంటే రెండు పైళ్ల మధ్య దాదాపు అర చదరపు మీటరు అడుగు మట్టికి ఆనుకుని ఉంది. చదరపు మీటరుకు పదిహేను టన్నుల ఒత్తిడితో నేల ఉబ్బితే అక్కడ పైకి నెట్టేది ఏడు టన్నులు. ఆ రెండు మీటర్ల మీద గోడ, స్లాబు బరువు ఐదు టన్నులు. రెండు కొనల్నీ పైళ్లు కిందికి పట్టి ఉంచాయి, నడుమ పైకి లేచింది. విల్లులా వంగిన గోడ పైన సాగి చీలింది. పగులు పైకి వెడల్పుగా ఉండటానికి కారణం అదే.

మరమ్మతు పెద్ద ఖర్చుది కాదు, ఓపికది. వానలు తగ్గి నేల ఆరాక, ఒకటి విడిచి ఒకటిగా పైళ్ల మధ్య బీము కింద నింపినదంతా చేత్తో తవ్వి తీయించాం. సందు తెరిచి పక్కల ఇటుక అడ్డాలు కట్టించాం. ఇంటి చుట్టూ రెండు మీటర్ల వెడల్పున, బయటికి వాలుగా నాపరాళ్లు పరిపించి, సన్‌షేడు నీళ్లు దూరంగా పోయేలా చేశాం. గోడ దగ్గర పైపుకు కదిలినా ఊడని రబ్బరు జాయింటు పెట్టించాం. లోపలి గచ్చు మాత్రం ముట్టుకోలేదు. అది రేగడి మీదే ఉంది కాబట్టి కొంత లేస్తూ దిగుతూనే ఉంటుంది. దాన్నీ ఆపాలంటే కింద మీటరు దాకా రేగడి తీసి, ఉబ్బని మొరాన్ని పొరలు పొరలుగా దిమ్మిసా కొట్టాలి. ఆ పని కట్టేటప్పుడే చేసుకోవాలి.

పగులు పూడ్చడానికి మాత్రం నేను ఒప్పుకోలేదు. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం చూడాలన్నాను. ఆయన గీతలు కొలవడం మానలేదు. మరుసటి సెప్టెంబరులో ఫోను చేసి అంకెలు చదివారు: మేలో ఎంతో, ఆగస్టులో అంతే. ఆ దసరాకు గోడకు ప్లాస్టరింగు చేయించుకున్నారు.