చొక్కా లోపలి చీటీలో ఏముంది?

బడి యూనిఫాం చొక్కా లోపల, మెడ దగ్గరో పక్క కుట్టులోనో ఒక చిన్న చీటీ కుట్టి ఉంటుంది. గుచ్చుకుంటోందని చాలామంది దాన్ని కత్తిరించేస్తారు. దాని మీద "65% పాలిస్టర్, 35% కాటన్" అని రాసి, కింద వరసగా కొన్ని బొమ్మలు వేసి ఉంటాయి. ఆ శాతాలు అర్థమైతే బొమ్మలు బట్టీ పట్టక్కర్లేదు.

శాతాలు బరువు లెక్క. చొక్కా 200 గ్రాములుంటే అందులో 130 గ్రాములు పాలిస్టర్, 70 గ్రాములు పత్తి. గాలిలో తేమ 65 శాతం ఉన్నప్పుడు 100 గ్రాముల పొడి పత్తి దాదాపు ఎనిమిదిన్నర గ్రాముల తేమను లోపలికి పీల్చుకుంటుంది. పాలిస్టర్ అయితే అర గ్రాము కూడా పీల్చదు. అంటే ఈ చొక్కా మొత్తం పట్టుకునే తేమ ఆరున్నర గ్రాములు. అదే బరువున్న పూర్తి కాటన్ చొక్కా 17 గ్రాములు పట్టుకుంటుంది. అందుకే మిశ్రమం చొక్కా వానాకాలంలోనూ త్వరగా ఆరుతుంది, ఎండాకాలంలో మాత్రం ఒంటికి అంటుకుని చిరాకు పెడుతుంది. పిల్లలు మే నెలలో ఆ చొక్కా వద్దని మారాం చేస్తే వాళ్ల మాట నిజమే.

పాలిస్టర్‌కి నీళ్లంటే పడదు గానీ నూనె అంటే ఇష్టం. కాలర్ మీది జిడ్డు, చెమట వాసన దాన్ని వదలకపోవడానికి కారణం అదే. ఉతికే ముందు కాలర్‌కి సబ్బు రాసి కాసేపు ఉంచాలి. బాగా వేడి నీళ్లలో ఉడకబెట్టినట్టు ఉతికితే మాత్రం ఇంకో సమస్య వస్తుంది. సుమారు 70, 80 డిగ్రీల దగ్గర పాలిస్టర్ పోగు మెత్తబడుతుంది. అప్పుడు పడిన ముడత చల్లారాక అలాగే బిగుసుకుపోతుంది.

ఇక బొమ్మలు. నీళ్ల తొట్టిలో 40 అని ఉంటే 40 డిగ్రీలు దాటొద్దని అర్థం, అంత వేడి కావాలని కాదు. మన ఇళ్లలో కుళాయి నీళ్లతోనే ఉతుకుతాం కాబట్టి ఆ అంకె కన్నా తొట్టి కింద గీతలు చూడటం ముఖ్యం. ఒక గీత ఉంటే మెషీన్‌లో నెమ్మదిగా, రెండు ఉంటే ఇంకా సున్నితంగా తిప్పాలి. తొట్టిలో చెయ్యి ఉంటే చేత్తో ఉతకమని. ఏ బొమ్మ మీదైనా ఇంటూ గుర్తు ఉంటే ఆ పని చెయ్యొద్దని.

ఇస్త్రీ పెట్టె బొమ్మలో చుక్కలు వేడిని చెబుతాయి. ఒక చుక్కకి దాదాపు 110 డిగ్రీలు, రెండిటికి 150, మూడిటికి 200. పూర్తి కాటన్‌కి సాధారణంగా మూడు చుక్కలు ఉంటాయి, మన యూనిఫాం చొక్కాకి రెండు. బొగ్గుల పెట్టెకి చుక్కలుండవు కాబట్టి, బయట ఇస్త్రీకి ఇచ్చేటప్పుడు "ఇది పాలిస్టర్ ఎక్కువున్న చొక్కా అన్నా" అని ఒక మాట చెప్పడం మంచిది. వేడి ఎక్కువైతే పోగులు చదునై, కుట్ల మీద వింతగా నిగనిగలాడే మెరుపు వస్తుంది. అది మళ్లీ పోదు.

కొన్ని నెలలు వాడాక చంకల దగ్గర, కాలర్ మీద చిన్న చిన్న ఉండలు కడతాయి. రాపిడికి పోగుల కొసలు పైకి లేచి చుట్టుకుంటాయి. కాటన్‌లో అలాంటి ఉండలు తెగి రాలిపోతాయి. మిశ్రమంలో గట్టి పాలిస్టర్ పోగు వాటిని బట్టకే పట్టి ఉంచుతుంది. బట్ట చిరగదు, పాతదానిలా మాత్రం కనిపిస్తుంది. ఇది ఎంత త్వరగా వస్తుందో శాతం ఒక్కటే చెప్పలేదు. పోగు పొడవు, దారం పురి కూడా లెక్కలోకి వస్తాయి, అవి చీటీలో ఉండవు.

శాతం చిన్నదైతే ప్రభావమూ చిన్నదే అనుకోకూడదు. లెగ్గింగ్స్ చీటీలో 95% కాటన్, 5% ఎలాస్టేన్ అని ఉంటుంది. సాగే గుణమంతా ఆ ఐదు శాతానిదే, ముందుగా పాడయ్యేదీ అదే. క్లోరిన్ బ్లీచ్ తగిలితే ఎలాస్టేన్ పచ్చబడి బలం కోల్పోతుంది, ఎక్కువ వేడికీ సడలిపోతుంది. అందుకే అలాంటి వాటిపై బ్లీచ్‌ని సూచించే త్రికోణం మీద ఇంటూ కనిపిస్తుంది. డ్రయ్యర్‌కి గుర్తైన చతురస్రంలోని వృత్తాన్నీ తరచుగా కొట్టేసి ఉంచుతారు. మోకాళ్ల దగ్గర బుడగలా ఉబ్బి మళ్లీ బిగుసుకోకపోతే ఎలాస్టేన్ అయిపోయినట్టే.

విస్కోస్ రేయాన్ కుర్తీ సంగతి వేరు. పత్తి తడిస్తే బలపడుతుంది, రేయాన్ మాత్రం తడిసినప్పుడు దాదాపు సగం బలం కోల్పోతుంది. దాన్ని పిండకూడదు, బండకేసి బాదకూడదు. నీళ్లలోంచి తీసి తువ్వాలులో చుట్టి అదిమి, ఆకారం సరిచేసి నీడలో పరిచి ఆరబెట్టాలి. చతురస్రంలో అడ్డగీత ఉంటే పరిచి ఆరబెట్టమని, పై మూలలో ఏటవాలు గీతలుంటే నీడలో ఆరబెట్టమని.