నాలుగు వందల గుడ్లు: యానిమల్ ఫామ్‌లో కోళ్ల తిరుగుబాటు వెనకున్న చరిత్ర

విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపుల దగ్గర డిగ్రీ రోజుల్లో నేను కొన్న యానిమల్ ఫామ్ కాపీ ఇంకా నా దగ్గరుంది. దాని మొదటి పేజీలో నాకంటే ముందు చదివినవాళ్లెవరో పెన్సిల్‌తో ఒక లిస్టు రాసుకున్నారు. జోన్స్ అంటే జార్ చక్రవర్తి, ముసలి మేజర్ అంటే మార్క్స్, నెపోలియన్ అనే పంది స్టాలిన్, స్నోబాల్ ట్రాట్‌స్కీ, కుక్కలు రహస్య పోలీసులు, బాక్సర్ అనే గుర్రం కార్మికుడు. పరీక్ష కోసం రాసుకున్నట్టుంది.

ఆ లిస్టులో తప్పేమీ లేదు. జార్జ్ ఆర్వెల్ ఈ నవల రాసింది సోవియట్ విప్లవం గురించే. తమను ఆకలితో మాడ్చిన యజమానిని జంతువులు తరిమేస్తాయి, పొలం తమదే అనుకుంటాయి, చివరికి పందుల కింద అంతకు ముందులాగే బతుకుతాయి. కానీ ఎవరు ఎవరో తెలిసిపోతే కథ అర్థమైపోయినట్టే అనుకోవడం వల్ల, ఆ లిస్టులో పేరు లేనివాళ్లను మనం దాటేసి వెళ్లిపోతాం. నా కాపీలో లిస్టు రాసినవాళ్లు కోళ్ల ఊసే ఎత్తలేదు. చాలా గైడ్లలోనూ వాటికి ఒక్క వాక్యం దక్కితే ఎక్కువ. నాకు మాత్రం ఈ నవలలో గుండెకాయ లాంటి ఘట్టం అదే అనిపిస్తుంది. అది ఏడో అధ్యాయంలో ఉంది.

చలికాలం. పొలంలో తిండి గింజలు నిండుకున్నాయి. ఆ సంగతి బయటికి తెలియకూడదని నెపోలియన్ ఖాళీ తొట్లను అంచుల దాకా ఇసుకతో నింపించి, పైన మాత్రం కాస్త ధాన్యం పరిపిస్తాడు. బయటి ప్రపంచంతో బేరాలు కుదిర్చే వింపర్ అనే లాయర్‌ను ఏదో సాకుతో ఆ కొట్టు మీదుగా తిప్పుతారు. అతను నిండిన తొట్లను చూసి, పొలంలో కరువేమీ లేదని బయట చెబుతాడు. ఇక నిజంగా గింజలు కొనాలంటే డబ్బు కావాలి. అందుకు వారానికి నాలుగు వందల గుడ్లు అమ్మడానికి ఒప్పందం కుదురుతుంది.

కోళ్లు అప్పటికే వసంతంలో పొదగడానికి గుడ్లు సిద్ధం చేసుకుంటున్నాయి. ఇప్పుడు గుడ్లు తీసుకుపోవడమంటే హత్యేనని మొత్తుకుంటాయి. మూడు నల్ల మినోర్కా పెట్టలు ముందు నిలబడగా కోళ్లన్నీ ఎగిరి పైకప్పు దూలాల మీద కూర్చుంటాయి. అక్కడే గుడ్లు పెడతాయి. అవి కింద పడి పగిలిపోతాయి. జోన్స్‌ను తరిమేశాక ఆ పొలంలో తిరుగుబాటు లాంటిది జరగడం అదే మొదటిసారి. నెపోలియన్ వెంటనే వాటి తిండి ఆపించేస్తాడు. కోడికి ఒక్క గింజ పెట్టిన జంతువుకైనా మరణశిక్షేనని ప్రకటిస్తాడు. కుక్కలు కాపలా. ఐదు రోజులు తట్టుకుని కోళ్లు లొంగిపోతాయి. ఈలోగా తొమ్మిది కోళ్లు చచ్చిపోతాయి. వాటిని తోటలో పూడ్చిపెట్టి, కాక్సిడియోసిస్ వచ్చి పోయాయని చెబుతారు. వింపర్‌కు ఏమీ తెలియదు. గుడ్లు వేళకు అందుతాయి, వారానికోసారి వ్యాన్ వచ్చి తీసుకెళుతుంది.

మా బాబాయికి హనుమాన్ జంక్షన్ అవతల లేయర్ ఫారం ఉండేది. ఒకసారి ఈ ఘట్టం ఆయనకు చదివి వినిపించాను. నాలుగు వందల గుడ్లంటే మన లెక్కలో పదమూడు ట్రేలు, పైన పది గుడ్లు. ఆయన దాని దగ్గర ఆగలేదు. "ఏరా, ఈయన కోళ్లు పెంచాడా?" అని అడిగాడు. ఎందుకంటే, కింద పరిచిన పొట్టు తడిస్తే వచ్చే జబ్బు కాక్సిడియోసిస్. రెట్టలో రక్తం పడుతుంది, కోడి ముడుచుకుని మేత మానేస్తుంది, వరసగా పోతాయి. "చలికాలంలో ఐదు రోజుల్లో తొమ్మిది పోయాయంటే నేనైనా నమ్మేస్తాను" అన్నాడు. అబద్ధం చెప్పినవాడు ఎవరికీ అనుమానం రాని జబ్బునే ఎంచుకున్నాడు.

బాబాయి ఊహ నిజమే. ఆర్వెల్ ఇంగ్లండ్‌లోని వాలింగ్టన్ అనే పల్లెలో కోళ్లను, మేకలను పెంచాడు. ఆయన డైరీల్లో రోజుకు ఎన్ని గుడ్లు వచ్చాయో లెక్క ఉంటుంది. ఆయన పెంచిన మేక పేరు మ్యూరియెల్, నవలలో మేక పేరూ అదే.

ఇప్పుడు ఈ కోళ్లు ఎవరు? 1929 చివర్లో స్టాలిన్ ప్రభుత్వం రైతుల భూములను, పశువులను సమష్టి వ్యవసాయ క్షేత్రాల్లో కలపడం మొదలుపెట్టింది. చాలామంది రైతులు తమ పశువులను అప్పగించడం ఇష్టం లేక కోసుకు తిన్నారు. కొన్నేళ్లలో దేశంలో గుర్రాల సంఖ్య, పశువుల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. దూలం మీంచి పడి పగిలిన గుడ్లు అవే. చేజిక్కనివ్వడం కంటే నాశనం చేసుకోవడం మేలనుకున్నవాళ్ల నిస్సహాయత అది. పంట పండించినవాడికి ఆ నొప్పి ఎంతటిదో కృష్ణా, గుంటూరు రైతు కుటుంబాల్లో పుట్టినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత తిండి ఆపడం. 1932 ఆగస్టు 7న వచ్చిన చట్టం ప్రకారం సమష్టి పొలంలో ధాన్యం దొంగిలిస్తే మరణశిక్ష, లేదంటే పదేళ్ల జైలు. కోతలయ్యాక రాలిన కంకులు ఏరుకున్నవాళ్లకూ ఇది వర్తించడంతో జనం దాన్ని ఐదు కంకుల చట్టం అన్నారు. కోటా ధాన్యం ఇవ్వలేని ఉక్రెయిన్ గ్రామాలను బ్లాక్‌లిస్టులో పెట్టి, అక్కడికి సరుకులు వెళ్లకుండా ఆపేశారు. 1933 జనవరిలో ఆకలికి ఊళ్లు వదిలిపోతున్న రైతులను ఉక్రెయిన్ సరిహద్దు దాటనివ్వొద్దని ఆదేశాలు వెళ్లాయి. ఒక్క ఉక్రెయిన్‌లోనే ముప్పై లక్షల మందికి పైగా చనిపోయారు. కజఖ్‌స్తాన్‌లో మరో పది లక్షలకు పైగా. అదే కాలంలో విదేశాలకు ధాన్యం ఎగుమతి ఆగలేదు. వ్యాన్ వేళకు వచ్చి వెళ్లింది.

ఇసుక తొట్ల సంగతీ అంతే. 1933 మార్చిలో గారెత్ జోన్స్ అనే యువ విలేఖరి ఉక్రెయిన్ పల్లెల్లో తిరిగి వచ్చి అక్కడ కరువుందని బయటపెట్టాడు. రెండు రోజులు తిరక్కుండానే న్యూయార్క్ టైమ్స్ మాస్కో విలేఖరి వాల్టర్ డ్యురాంటీ అదంతా అతిశయోక్తి అని రాశాడు. ఆ వేసవి చివర్లో ఫ్రాన్స్ మాజీ ప్రధాని ఎడ్వర్డ్ ఎరియో ఉక్రెయిన్ వచ్చాడు. ముందే సిద్ధం చేసిన చోట్లకు ఆయన్ను తీసుకెళ్లారు. కరువు లేదని చెప్పి వెళ్లిపోయాడు. తొమ్మిది కోళ్లకు జబ్బు చేసిందన్న మాట మీద సోవియట్ ప్రభుత్వం యాభై ఏళ్లకు పైగా నిలబడింది. ఉక్రెయిన్‌లో పార్టీ నాయకత్వం కరువన్న మాటను బహిరంగంగా ఒప్పుకున్నది 1987 డిసెంబరులో.

అయితే పోలిక ప్రతి అడుగులోనూ అతకదు, అతకాలని లాగితే కథ చిరిగిపోతుంది. నవలలో గుడ్లు అమ్మేది తిండి గింజలు కొనడానికి. చరిత్రలో ధాన్యం అమ్మింది ముఖ్యంగా పరిశ్రమలకు యంత్రాలు కొనడానికి. నవలలో ఆ భాగం జంతువులు కరెంటు కోసం కట్టే గాలిమరకు వెళ్లింది. లెనిన్‌కు విడిగా పాత్రే లేదు. పోలిక నిలబడేది వ్యక్తుల దగ్గర కాదు, జరిగిన పని దగ్గర: ఎదురు తిరిగినవాడి తిండి ఆపడం, సాయం చేసినవాడికి శిక్ష వేయడం, చావుకు వేరే పేరు పెట్టడం, బయటివాడికి నిండు తొట్టి చూపించడం. ఈ వరస ఎక్కడ కనబడినా ఆ ఘట్టం మనకు గుర్తొస్తుంది.

మా ఊళ్లో ఈ పుస్తకం పేరెత్తితే వెంటనే రెండు పక్షాలు తయారవుతాయి. అది సహజమే. 1961లో కమ్యూనిస్టు పార్టీ ఆరో మహాసభ జరిగింది విజయవాడలోనే. మూడేళ్లకు చీలికకు దారితీసిన సమావేశం జరిగింది పక్కనే తెనాలిలో. స్టాలిన్ గురించి 1956లో క్రుశ్చేవ్ చేసిన రహస్య ప్రసంగం ఎన్నో ఇళ్లలో భోజనాల దగ్గర కూడా గొడవలు పెట్టింది. అందుకే ఒకరు దీన్ని ఎర్రజెండా మీద బురద అంటారు, ఇంకొకరు విప్లవాలన్నీ ఇంతేనని చెప్పడానికి దీన్ని వాడుకుంటారు. రెండూ ఆర్వెల్‌కు అన్యాయం చేసే మాటలే. ఆయన సోషలిస్టు. 1937లో స్పెయిన్‌లో ఫాసిస్టులతో పోరాడుతూ గొంతులో తూటా తగిలించుకున్నాడు. తను పనిచేసిన వామపక్ష దళాన్ని స్టాలిన్ అనుకూలురు ద్రోహులని ముద్రవేసి వేటాడితే, భార్యతో కలిసి తప్పించుకుని బయటపడ్డాడు. నవలలో జోన్స్ మీద ఆయనకు ఎక్కడా జాలి లేదు.

ఆయన ఎంత జాగ్రత్తగా తూచి రాశాడో తెలిపే చిన్న సంగతి ఒకటుంది. శత్రువులు గాలిమరను పేల్చేసినప్పుడు నెపోలియన్‌తో సహా జంతువులన్నీ నేలమీద బోర్లా పడ్డాయని మొదట రాశాడు. 1945 మార్చిలో, పుస్తకం అచ్చుకు వెళ్లే ముందు, దాన్ని నెపోలియన్ తప్ప మిగతా జంతువులన్నీ అని మార్చమని ప్రచురణకర్తకు ఉత్తరం రాశాడు. జర్మన్ సైన్యం ముంచుకొచ్చినప్పుడు స్టాలిన్ మాస్కో వదిలి పోలేదు కాబట్టి, అతనికి న్యాయం చేయాలన్నది ఆయన ఉద్దేశం. కోళ్ల చావు రాసిన మనిషే ఈ మాటా మార్చాడు.

కోళ్ల కథ ఐదు రోజులతో ముగియదు. తర్వాత జరిగిన సభలో ఆ మూడు పెట్టలు ముందుకొచ్చి, నెపోలియన్ అంతకు ముందే పొలం నుంచి తరిమేసిన స్నోబాల్ తమకు కలలో కనబడి రెచ్చగొట్టాడని ఒప్పుకుంటాయి. అక్కడికక్కడే వాటిని చంపేస్తారు. 1936 నుంచి 1938 దాకా మాస్కో విచారణల్లో పాత విప్లవకారులు చేయని నేరాలను ఒప్పుకున్న తీరు అది. ఆ సాయంత్రం మిగిలిన జంతువులు గుట్ట మీద ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చుని, ఏం మాట్లాడాలో తెలియక, తమ పాత విప్లవగీతాన్ని నెమ్మదిగా, దిగులుగా పాడుకుంటాయి.

1946 ఏప్రిల్‌లో ఇహోర్ షెవ్చెంకో అనే ఉక్రెయిన్ యువకుడు జర్మనీ నుంచి ఆర్వెల్‌కు ఉత్తరం రాశాడు. అక్కడి సోవియట్ శరణార్థులకు ఈ నవలను అప్పటికప్పుడు తన భాషలో చెబుతూ చదివి వినిపిస్తున్నానని, గుట్ట మీద పాట ఘట్టం వాళ్లను బాగా కదిలించిందని చెప్పాడు. ఆ శ్రోతల్లో 1933ను దాటి బతికినవాళ్లు ఉండి ఉంటారు. ఆర్వెల్ డబ్బు తీసుకోకుండా అనుమతి ఇచ్చాడు, ప్రత్యేకంగా ముందుమాట రాసిచ్చాడు. మరుసటేడు ఆ అనువాదం అచ్చయింది. పేరు కొల్హోస్ప్ త్వారిన్, అంటే జంతువుల సమష్టి క్షేత్రం. మ్యూనిక్‌లో అమెరికా అధికారులు సుమారు 1,500 కాపీలు పట్టుకుని సోవియట్ అధికారులకు అప్పగించారు. అప్పటికే దాదాపు 2,000 కాపీలు శరణార్థుల చేతికి చేరిపోయాయి.