బిర్యానీయా, రస్‌మలాయా? నాలుగు గళ్ల పట్టిక చెప్పే సంగతి

హైదరాబాద్‌లో ఎంబీబీఎస్ విద్యార్థులకు కమ్యూనిటీ మెడిసిన్ పాఠాలు చెబుతున్న నాకు, పరీక్షలకు ముందు జరిగే పునశ్చరణ తరగతుల్లో ఏటా ఒకే దృశ్యం కనిపిస్తుంది. ఎపిడెమియాలజీ సూత్రాలను ఒక కాగితం మీద, అవుట్‌బ్రేక్ దర్యాప్తు మెట్లను మరో కాగితం మీద, స్క్రీనింగ్ పరీక్షల సూత్రాలను ఇంకో కాగితం మీద రాసుకుని, వాటిని మూడు వేర్వేరు పాఠాలుగా కంఠస్థం చేస్తారు. నిజానికి ఈ మూడింటికీ ఆధారం నాలుగు గళ్ల పట్టిక ఒక్కటే. అందులోని ఏ సంఖ్యను ఏ సంఖ్యతో భాగించాలన్నదే, అంటే హారం ఏదన్నదే, అసలు ప్రశ్న. ఆ సంగతి తేటపడటానికి తరగతిలో నేను ఒక పెళ్లి విందు లెక్క చెబుతాను. విందూ అంకెలూ బోధన కోసం కల్పించినవే కానీ, దర్యాప్తు జరిగే తీరు మాత్రం నిజమైనది.

నగరంలోని ఒక ఫంక్షన్ హాలులో రాత్రి 9 గంటలకు 200 మంది భోజనం చేశారు. పదిన్నరకు ఒకరికి వాంతులు మొదలయ్యాయి. అర్ధరాత్రి దాటాక ఒక గంటలో కేసులు బాగా పెరిగి, తెల్లవారుజామున 4 గంటల తర్వాత కొత్తవి ఆగిపోయాయి. దర్యాప్తులో మొదటి పని ఇది ఏ జబ్బో నిర్ధారించుకోవడం, రెండవది మామూలుగా ఉండే కేసుల కంటే ఇవి నిజంగా ఎక్కువేనా అని చూడటం. ఒకే విందు తిన్నవారిలో ఒక్క రాత్రి ఇన్ని వాంతుల కేసులు వచ్చినప్పుడు రెండవదానికి సమాధానం వెంటనే దొరుకుతుంది. ఆ తర్వాత ఎవరిని కేసుగా లెక్కించాలో ఒక నిర్వచనం రాసుకోవాలి. ఇక్కడ దానిని ‘ఆ విందులో భోజనం చేసి, 24 గంటల లోపు వాంతి గానీ, మూడు లేక అంతకు మించి నీళ్ల విరేచనాలు గానీ అయినవారు’ అని రాద్దాం. ఈ వాక్యం ముందే స్థిరపడకపోతే కడుపులో తిప్పినవారిని ఒకరు కేసుగా రాస్తారు, మరొకరు వదిలేస్తారు, దాంతో తర్వాత వేసే లెక్కలన్నీ చెడిపోతాయి.

నిర్వచనం చేతిలో పెట్టుకుని 200 మందినీ కలవాలి. ఆసుపత్రికి వచ్చినవారిని మాత్రమే అడిగితే చాలదు, హాయిగా నిద్రపోయినవారిని కూడా తప్పనిసరిగా అడగాలి. విద్యార్థులు తరచుగా మరచిపోయే మెట్టు ఇదే. పుస్తకంలో దీనికి ‘ప్రమాదంలో ఉన్న జనాభాను నిర్ణయించడం’ అని పేరు ఉంటుంది కాబట్టి అది ఏదో కాగితం పనిలా కనిపిస్తుంది గానీ, మన హారం పుట్టేది అక్కడే. అందరినీ అడిగితే 84 మంది జబ్బుపడినట్టు తేలింది. 84ను 200తో భాగిస్తే మొత్తం అటాక్ రేటు 42 శాతం.

ఇక గడియారం ఏం చెబుతోందో చూద్దాం. కేసులను గంటలవారీగా గీస్తే రేఖ నిటారుగా లేచి అంతే వేగంగా పడిపోయింది, కేసులన్నీ భోజనమైన ఏడు గంటల లోపే వచ్చాయి. అందరూ ఒకేసారి ఒకే చోట నుంచి జబ్బు తెచ్చుకున్నప్పుడు గీత ఇలాగే ఉంటుంది. ఒకరి నుంచి ఒకరికి పాకే జబ్బయితే అలల తర్వాత అలలుగా రోజుల తరబడి సాగేది. ఇంత తక్కువ వ్యవధిలో, జ్వరం పెద్దగా లేకుండా వాంతులే ప్రధానంగా ఉన్నాయంటే, శరీరంలోకి వెళ్లాక పెరిగే సూక్ష్మజీవి కంటే ఆహారంలో ముందే తయారై ఉన్న విషం మీద అనుమానం కలగాలి. సాల్మొనెల్లా అయితే లక్షణాలకు కనీసం ఆరు గంటలు, సాధారణంగా అంతకంటే ఎక్కువే పడుతుంది. ఇక్కడ ఇద్దరు అనుమానితులు మిగులుతారు. ఒకటి స్టెఫిలోకాకస్ ఆరియస్. వంటవారి చేతి పుండ్ల నుంచి గానీ, ముక్కు నుంచి గానీ పాల పదార్థాల్లోకి చేరి, బయట ఉంచిన వేడికి పెరిగి, విషం తయారుచేస్తుంది. రెండవది బాసిల్లస్ సీరియస్. ఉడికించిన అన్నాన్ని గంటల తరబడి గోరువెచ్చగా వదిలేస్తే అందులో పెరుగుతుంది. వాంతులు కలిగించే ఈ రెండు విషాలూ తిరిగి వేడి చేసినా నశించవు, రెండూ కొద్ది గంటల్లోనే ప్రభావం చూపుతాయి. కాబట్టి గడియారం మనల్ని ఇక్కడి దాకా తెచ్చి, బిర్యానీకి రస్‌మలాయికి మధ్య నిలబెట్టి వదిలేస్తుంది.

ఆ రాత్రి బంధువులందరి నోటా వచ్చే మాట బిర్యానీ. దానికి వారి దగ్గర ఆధారం లేకపోలేదు. జబ్బుపడిన 84 మందిలో 80 మంది, అంటే 95 శాతం, బిర్యానీ తిన్నవారే. రస్‌మలాయి తిన్నవారు 78 మంది, అంటే 93 శాతం. జబ్బుపడినవారిని మాత్రమే చూస్తే బిర్యానీయే దోషిగా తోస్తుంది. ఇప్పుడు హారం మార్చి, తిన్నవారిలో ఎందరు జబ్బుపడ్డారో చూద్దాం. బిర్యానీ తిన్న 190 మందిలో 80 మందికి, అంటే 42 శాతానికి, జబ్బు చేసింది. తినని పది మందిలోనూ నలుగురికి, అంటే 40 శాతానికి, జబ్బు చేసింది. తిన్నా తినకున్నా దాదాపు ఒకటే. రస్‌మలాయి పట్టిక మాత్రం ఇలా ఉంది:

```
              జబ్బుపడినవారు   పడనివారు   మొత్తం
తిన్నవారు         a = 78       b = 42     120
తిననివారు         c = 6        d = 74      80

RR = (a / (a + b)) / (c / (c + d))
```

తిన్నవారిలో అటాక్ రేటు 65 శాతం, తిననివారిలో 7.5 శాతం. మొదటిదాన్ని రెండవదానితో భాగిస్తే వచ్చే రిలేటివ్ రిస్క్ 8.7. బిర్యానీకి అదే లెక్క వేస్తే 1.05 మాత్రమే వస్తుంది. బిర్యానీ దాదాపు అందరూ తిన్నారు కాబట్టే జబ్బుపడినవారిలోనూ దాదాపు అందరూ తిన్నవారుగా కనిపించారు. పడుకుని హాయిగా నిద్రపోయిన 116 మందిలో కూడా 110 మంది బిర్యానీ తిన్నారన్న సంగతి, వారిని అడిగితేనే తెలుస్తుంది.

రస్‌మలాయి తినకుండా జబ్బుపడిన ఆరుగురి సంగతేమిటని తరగతిలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. అడగాలి కూడా. వారిలో ఒకరు తిని మరచిపోయి ఉండవచ్చు, మరొకరు పక్కవారి గిన్నెలోంచి ఒక చెంచా రుచి చూసి దాన్ని తిన్నట్టు లెక్కించకపోయి ఉండవచ్చు, వడ్డించే గరిటె ఒక గిన్నె నుంచి ఇంకో గిన్నెలోకి వెళ్లి ఉండవచ్చు, వేరే కారణంతో వాంతి అయినవారు కూడా ఉండవచ్చు. ఈ ఆరుగురి వల్ల ఊహ వీగిపోదు. అయితే తిననివారిలో కూడా రేటు ఎక్కువగా ఉంటే అప్పుడు ఊహను మార్చుకోక తప్పదు.

పట్టిక అనుమానాన్ని బలపరుస్తుంది, నిర్ధారించేది ప్రయోగశాల. మిగిలిన రస్‌మలాయి నమూనాలో విషం గానీ, గ్రాముకు లక్ష లేక అంతకు మించి స్టెఫిలోకాకస్ క్రిములు గానీ దొరికితే అది గట్టి రుజువు. వంటవారి ముక్కులో అదే క్రిమి దొరికినంత మాత్రాన సరిపోదు. ఆరోగ్యవంతుల్లోనే సుమారు 20 నుంచి 30 శాతం మంది ముక్కులో దాన్ని మోస్తూ ఉంటారు కాబట్టి, ఏ వంటశాలకు వెళ్లినా ఒకరిద్దరు దొరుకుతారు. ఆహారంలోని రకమూ ముక్కులోని రకమూ ఒకటేనని తేలాలి. ఇక మిగిలిన పదార్థాన్ని ఎవరూ తినకుండా ఆపడం, నమూనా భద్రపరచడం అనే పనులు పుస్తకంలో వరుసలో ఎక్కడ ఉన్నా, ఆచరణలో మొదటి గంటలోనే జరగాలి.

మరొక చిక్కు కూడా ఇక్కడే చెప్పాలి. విందుకు వచ్చిన అందరి జాబితా దొరకనప్పుడు జబ్బుపడిన కొందరినీ, పడని కొందరినీ ఎంచుకుని అడుగుతారు. అప్పుడు అటాక్ రేటు లెక్కించడానికి హారమే ఉండదు కాబట్టి, `(a × d) / (b × c)` అనే ఆడ్స్ రేషియోతో సరిపెట్టుకోవాలి. మన పట్టికకు అది దాదాపు 23 వస్తుంది. జబ్బు అరుదైనదైతే ఈ సంఖ్య రిలేటివ్ రిస్క్‌కు దగ్గరగా ఉండేది. 42 శాతం మందికి వచ్చిన జబ్బులో మాత్రం 8.7 చోట 23 చూపిస్తుంది. ‘తిన్నవారికి 23 రెట్లు ప్రమాదం’ అని నివేదికలో రాస్తే అది తప్పు.

ఇప్పుడు అదే పట్టికను స్క్రీనింగ్ వైపు తిప్పుదాం. ‘జబ్బుపడినవారిలో బిర్యానీ తిన్నవారు 95 శాతం’ అన్న బంధువుల మాట నిజానికి సెన్సిటివిటీ లెక్కే. తిన్నవారు అన్న చోట ‘పరీక్ష పాజిటివ్ వచ్చినవారు’ అని చదువుకుంటే చాలు. జబ్బున్నవారిలో పరీక్ష ఎందరిని పట్టుకుందన్నది సెన్సిటివిటీ, అంటే `a / (a + c)`. జబ్బులేనివారిలో ఎందరిని సరిగా వదిలిపెట్టిందన్నది స్పెసిఫిసిటీ, అంటే `d / (b + d)`. బిర్యానీని ఒక పరీక్షగా చూస్తే సెన్సిటివిటీ 95 శాతం ఉన్నా, స్పెసిఫిసిటీ 116లో ఆరు, అంటే 5 శాతమే. అందరికీ పాజిటివ్ చెప్పే పరీక్ష జబ్బున్నవారెవరినీ వదలకపోవడంలో వింత లేదు. ఇక తిన్నవారిలో అటాక్ రేటు, అంటే `a / (a + b)`, స్క్రీనింగ్ భాషలో పాజిటివ్ ప్రెడిక్టివ్ వాల్యూ అవుతుంది.

సెన్సిటివిటీ హారాన్నీ, ప్రెడిక్టివ్ వాల్యూ హారాన్నీ కలగలిపేస్తే జరిగే పొరపాటు ఒక షుగర్ పరీక్షా శిబిరంలో బాగా కనిపిస్తుంది. సెన్సిటివిటీ 90, స్పెసిఫిసిటీ 95 శాతం ఉన్న పరీక్షను వెయ్యి మందికి చేశామనుకుందాం. వారు నడివయసు దాటినవారై 200 మందికి జబ్బు ఉంటే, వారిలో 180 మంది పాజిటివ్ వస్తారు, జబ్బులేని 800 మందిలోనూ 40 మంది వస్తారు. మొత్తం 220 పాజిటివ్‌లలో 82 శాతం నిజమైనవి. అదే శిబిరాన్ని కాలేజీ హాస్టల్‌లో పెట్టి, వెయ్యి మందిలో 20 మందికే జబ్బు ఉందనుకుంటే, 18 నిజమైన పాజిటివ్‌లకు 49 తప్పుడు పాజిటివ్‌లు తోడవుతాయి. అప్పుడు పాజిటివ్ వచ్చిన 67 మందిలో జబ్బున్నవారు 27 శాతమే. పరికరం అదే, చేసిన చేతులూ అవే, మారినది జనాభాలో జబ్బు ఎంత ఉందన్నది మాత్రమే. సెన్సిటివిటీ, స్పెసిఫిసిటీ ఇచ్చి, జబ్బు వ్యాప్తి ఇవ్వకుండా ప్రెడిక్టివ్ వాల్యూ అడిగితే ఆ ప్రశ్నకు సమాధానం లేదని విద్యార్థి ధైర్యంగా రాయవచ్చు.

అందుకే హాస్టల్‌లో పాజిటివ్ వచ్చిన కుర్రాడితో ‘నీకు షుగర్ ఉంది’ అనకూడదు, ‘ఇంకొక పరీక్ష చేయించుకో బాబూ’ అనాలి. ఆ 67 మందికి అంతే నాణ్యత గల, మొదటి పరీక్ష చేసిన తప్పులే మళ్లీ చేయని రెండవ పరీక్ష చేస్తే, 18 మందిలో సుమారు 16 మంది, 49 మందిలో ఇద్దరు ముగ్గురు పాజిటివ్‌గా మిగులుతారు. మొదట 27 శాతం ఉన్న నమ్మకం 87 శాతానికి చేరుతుంది. దానికి చెల్లించే మూల్యం కూడా ఉంది. మొదటి పరీక్షలో ఇద్దరు, రెండవదానిలో మరో ఇద్దరు తప్పిపోతారు కనుక, రెండూ కలిపితే సెన్సిటివిటీ 90 నుంచి 81 శాతానికి దిగుతుంది.